నారింజ దగ్గర ఆగిపోయిన జుట్టు

మా వదిన నా తలకు బ్లీచు పూసిన మొదటి రోజు నాకు ఏ భయమూ లేదు. ధైర్యం వదిన చేతి మీద నమ్మకంతో వచ్చింది కాదు, నా చదువు మీది నమ్మకంతో వచ్చింది. ఇంటర్మీడియట్ మధ్యలో ఆగిపోయినా, టౌన్‌షిప్ లైబ్రరీలో నేను ముట్టని బీరువా లేదు. తెలుగు పుస్తకాలు అర బీరువాకు మించి ఉండేవి కావు. అవి అయిపోయాక హిందీలోవి చదివాను. ఆ తర్వాత ఒళ్లో డిక్షనరీ పెట్టుకుని ఇంగ్లిషులోవి చదివాను. రసాయనశాస్త్రం గైడు మూడుసార్లు తెచ్చుకుంటే లైబ్రరీ ఆయన, "పరీక్ష రాస్తున్నావా బేటీ?" అని అడిగాడు. "లేదు, ఊరికే" అన్నాను. ఆ "ఊరికే" అన్న మాటలో నాకు ఎంత గర్వమో ఆయనకు తెలియదు.

మేముండేది హిందీ మాట్లాడే ఇనుప గనుల ఊరు కిరందుల్‌లో, రైల్వే క్వార్టర్లలో. నాన్నకు పట్టాల మీద పని. అన్నయ్యకు సిగ్నళ్ల దగ్గర పని. కొండ మీద తవ్విన ఇనుప రాయి పగలూ రాత్రీ బండ్లలో విశాఖకు దిగిపోతుండేది. దాని ధూళి మాత్రం మా దగ్గరే ఉండిపోయేది. కిటికీ చువ్వల మీద, ఆరేసిన దుప్పట్ల మీద, పోపుల డబ్బా మూత మీద ఎర్రగా పేరుకునేది. దాన్ని తుడవడం అమ్మకు ఊపిరి పీల్చడం లాంటిది. ఇక ఎవరమూ దాన్ని చూసేవాళ్లం కాదు.

వదిన శృంగవరపుకోట దగ్గరి పల్లె పిల్ల. పెళ్లికి ముందు విజయనగరంలో మూడు నెలలు బ్యూటీషియన్ కోర్సు చేసింది. మా ఇంటికి వచ్చాక వెనక వరండాలో అద్దం ఒకటి తగిలించి, మా క్వార్టర్ల లైనులో ఆడవాళ్లకు కనుబొమ్మలు దిద్దేది, పెళ్లికూతుళ్లకు జడలు వేసేది. ఆమెకు అది చాలలేదు. బజారులో కొత్తగా తిరిగే కుర్చీలతో ఒక పార్లరు తెరిచారు. రాయపూర్ వైపు నుంచి వచ్చిన మేడమ్ దాన్ని నడిపేది. అక్కడ ఒక కుర్చీ ఖాళీగా ఉంది. వదిన వెళ్లి అడిగింది.

మేడమ్ హిందీలో చెప్పిన మాట వదిన ఇంటికి వచ్చి మాకు తెలుగులో చెప్పింది. "కనుబొమ్మలు అందరూ తీత్తారంట. ఇప్పుడు టౌన్‌షిప్ పిల్లలందరూ జుట్టుకి లేత రంగు అడుగుతున్నారంట. నల్లజుట్టుని నారింజ రంగు రాకుండా, తెగిపోకుండా లేతరంగు చేసి ఒక తల సూపించు, కుర్చీ నీది అంది. నెలాఖరు దాకా గడువిచ్చింది."

అమ్మ బియ్యం ఏరుతూ తలెత్తలేదు. "ఎవరి తలంట?"

వదిన నావైపు చూసింది. అప్పుడు నా జుట్టు నడుము దాకా ఉండేది. నేనే ముందుకొచ్చాను. ఎందుకంటే ఆ వారమే నేను గైడులో, జుట్టు రంగు తీసే పెరాక్సైడు గురించి చదివాను.

"ఓలమ్మో, అడగక ముందే తలొంచీసింది సూడు!" అంది వదిన.

"నీ బ్లీచు పొడి ఎలా పని చేస్తుందో నీకంటే నాకే బాగా తెలుసు" అన్నాను.

"అయితే నీ తలకి నువ్వే పూసుకో పిల్లా, నాను కూకుని సూత్తాను."

ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక వరండాలో కూర్చున్నాం. వదిన చేతులకు తొడుగులు వేసుకుంది. ప్లాస్టిక్ గిన్నెలో నీలం ఛాయ ఉన్న తెల్ల పొడి ఒక వంతు, డెవలపర్ అనే పాలలాంటి ద్రవం రెండు వంతులు వేసి బ్రష్‌తో కలిపింది. డెవలపర్‌లో ఉండేది పెరాక్సైడే. అందులో బలమైనదీ బలహీనమైనదీ ఉంటాయి. వదిన కోర్సు నోటుబుక్కులో, ఇంట్లో చేసేటప్పుడు బలం ఇరవై నంబరు దాటకూడదని గీత గీసి రాసుకుంది. స్టీలు గిన్నె వాడకూడదని కూడా రాసుకుంది. ఎందుకో రాసుకోలేదు. లోహం తగిలితే పెరాక్సైడు అదుపు తప్పి విడిపోతుందని నేను వివరించాను. వదిన "ఊఁ" అంది. ఆ రోజు నేను చెప్పిన ఆ ఒక్క వాక్యాన్ని నేనే సరిగా విని ఉంటే, ఈ కథ అక్కడే ముగిసేది.

గోరింటాకు పెట్టుకునే అలవాటు కొద్దీ వదిన పాపిట దగ్గర మొదలుపెట్టింది. మా వైపు తలకు ఏది పెట్టినా పాపిట నుంచి కిందికే పెడతారు. పైగా వేడి తగిలితే రసాయన చర్య వేగంగా జరుగుతుందని గైడులో ఉంది కాబట్టి, తలకు ప్లాస్టిక్ కవరు చుట్టించుకుని నేను ఎండలో కూర్చున్నాను. కూర్చుని చేతద్దంలో రంగులు చూసుకోవడం మొదలుపెట్టాను. నల్లజుట్టు ఒకేసారి తెల్లబడదు. ముందు ఎర్ర ఛాయ ఉన్న ముదురు గోధుమ రంగుకు వస్తుంది. తర్వాత ఇటుక ఎరుపు, తర్వాత నారింజ, తర్వాత పండిన మామిడిలాంటి పసుపు నారింజ, తర్వాత పసుపు, చివరకు అరటితొక్క లోపలి లేత పసుపు. అక్కడ ఆపేయాలి. దాన్ని కూడా దాటి తెలుపు కోసం పోతే వెంట్రుకే మిగలదు. ఈ మెట్లన్నీ నేను కాగితం మీద రాసుకుని గోడకు అంటించాను.

ముప్పావు గంటకు కడిగేసరికి నా తల మీద రెండు దేశాలు ఉన్నాయి. నెత్తి దగ్గర రెండంగుళాలు పసుపు. అక్కడి నుంచి నడుము దాకా నారింజ, అదీ ఒకేలా లేకుండా మచ్చలు మచ్చలుగా. మాడు వేడికి కుదుళ్ల దగ్గర పని ముందే జరిగిపోతుందని, అందుకే కుదుళ్లకు చివర్లో పూయాలని వదినకు అప్పుడు గుర్తొచ్చింది. నోటుబుక్కు తిరగేస్తే అదే రాసి ఉంది, గీత కూడా గీసి ఉంది.

అమ్మ వరండాలోకి వచ్చి చూసింది. "ఇదేటిది? కోడిపుంజు తోకలాగుంది."

"రేపటికి సరైపోద్దత్తా" అంది వదిన.

"రేపు నాన్న సూత్తారు. ఎల్లుండి లైనంతా సూత్తాది."

సరి చేసే బాధ్యత నేను తీసుకున్నాను. లైబ్రరీలో బొమ్మలు వేయడం నేర్పే పుస్తకం ఒకటి ఉండేది. అందులో రంగుల చక్రం ఉంది. ఎదురెదురుగా ఉన్న రంగులు ఒకదాన్నొకటి చంపుకుంటాయి. నారింజకు ఎదురుగా ఉన్నది నీలం. పసుపుకు ఎదురుగా ఉన్నది ఊదా. ఇది అబద్ధం కాదు, పార్లర్లలో టోనర్ అని వాడేది ఈ సూత్రంతోనే. కానీ నా దగ్గర టోనర్ లేదు, తెల్లబట్టలకు పెట్టే నీలం ఉంది. మగ్గులో నీళ్లు పోసి నీలం చుక్కలు కలిపి తల ముంచాను.

నారింజ ఉన్నచోట బురద రంగు వచ్చింది. పసుపు ఉన్నచోట పచ్చి ఆకుపచ్చ వచ్చింది. నీలం పసుపు మీద పడితే ఆకుపచ్చ అవుతుందని ఆ పుస్తకంలోనే మొదటి పేజీలో ఉంది. నేను ఏడో పేజీ నుంచి చదివాను.

అన్నయ్య డ్యూటీ దిగి వచ్చి గుమ్మంలోనే ఆగిపోయాడు. "సిగ్నలిచ్చావేటే? నాను లోపలికి రావచ్చా?"

వదిన నన్ను కుళాయి దగ్గరికి తోసింది. మూడు స్నానాలతో నీలం పోయింది. నారింజ తిరిగి వచ్చింది. ఇంకా గట్టిగా వచ్చినట్టు అనిపించింది. గుడ్డ కట్టుకుని లైబ్రరీకి వెళ్లి పుస్తకం తిరిగి ఇచ్చేశాను. లైబ్రరీ ఆయన గుడ్డ వైపు చూస్తూనే కార్డు మీద ముద్ర కొట్టాడు. ఆ చూపే ఎక్కువ బాధగా తోచింది.

పది రోజులు గడిచాక రెండోసారి చేశాం. కనీసం రెండు వారాలన్నా ఆగాలి. మేం ఆగలేదు, నెలాఖరు మీద పడుతోంది. ఈసారి పసుపు పట్టిన కుదుళ్లను వదినే జాగ్రత్తగా వదిలేసింది. ఎండలో కూర్చోనివ్వలేదు, కవరూ కట్టనివ్వలేదు. పాయలు విడదీసి, ఒక్కో పాయ కింద, పెరాక్సైడుతో పేచీ లేని, పార్లర్లలో వాడే వెండి కాగితం పరిచి నారింజ మీద మాత్రమే పూసింది. పావుగంట అయ్యేసరికి ఒక పాయ నా మెడకు వెచ్చగా తగిలింది. ఇరవై నిమిషాలకు కాలింది.

"వదినా, కాగితం కాలుతోంది."

"నీడలో కూకుంటే కాలడమేటి?" అని చెయ్యి పెట్టి చూసి, "బేగి లెగు, బేగి!" అంటూ నన్ను కుళాయి కిందికి లాక్కుపోయింది.

కడిగాక తడి వెంట్రుక ఒకదాన్ని రెండు చివర్లా పట్టుకుని లాగింది. బాగున్న వెంట్రుక కొంచెం సాగి, వదిలితే మళ్లీ ముడుచుకుంటుంది. నాది రబ్బరులా సాగిపోయి, సాగినచోటే వేలాడి, తెగిపోయింది. రంగు ఇంకా నారింజే. వదిన ఆ తెగిన ముక్కను వేలికి చుట్టుకుని కుళాయి దగ్గరే కూర్చుంది.

"పుస్తకంలో ఏటుంది దీనికి?" అంది.

ఆ ప్రశ్నలో ఎగతాళి ఉంటే నాకు కొంత తేలికగా ఉండేది. ఆమె నిజంగానే అడిగింది. నేను కోపంతో, "నీ పొడి మంచిది కాదు" అన్నాను. "నీ తల మంచిది కాదు" అంది. రెండు రోజులు మాటల్లేవు. అమ్మ మా ఇద్దరికీ మధ్య కంచం పెట్టి, "అన్నం సరిగా ఉడకలేదు, దీనికీ ఎవరి తప్పో సెప్పండి" అనేది.

మూడో రోజు పొద్దున నేను స్నానాల గదిలో మగ్గు తోముతున్నాను. తెల్ల ప్లాస్టిక్ మగ్గు. దాని అంచు చుట్టూ ఒక తుప్పు పట్టీ ఉంటుంది, ఎంత తోమినా పోదు. కుళాయి చుక్క పడే చోట గచ్చు మీద కూడా అదే రంగు పొడుగ్గా కారి ఉంటుంది. పుట్టినప్పటి నుంచి చూస్తున్నదే. బోరు నీళ్లు కదా, నిలవుంచితే పైన తుప్పు తెట్టె కట్టేవి. అమ్మ పల్చటి గుడ్డలో వడకట్టి తాగడానికి పట్టేది. ఆ మగ్గు పట్టుకుని, అద్దంలో నా జుట్టు చూసుకుని, మళ్లీ మగ్గు చూశాను. రెండూ ఒకటే రంగు.

స్టీలు గిన్నె వద్దని చెప్పింది నేనే. లోహం తగిలితే పెరాక్సైడు అదుపు తప్పుతుందని వివరించింది నేనే. ఇరవై ఏళ్లు ఇనుము నీళ్లతో తలంటుకుని, ఇనుప ధూళిలో తిరిగిన జుట్టుకు వేరే గిన్నె అక్కర్లేదు. లోహం వెంట్రుకలోనే ఉంది. కొండ ఎదురుగా కూర్చుని, కొండను తప్ప అన్నీ చదివాను.

నేను చెబితే వదిన నమ్మలేదు. "నీ మాట ఇనే ఈ గతి పట్టింది. ఈసారి సూపించు" అంది. అది న్యాయమే. అయితే ఎలా చూపించాలి? ఈ నీళ్లు తగలని నల్లజుట్టు ఎక్కడ దొరుకుతుంది? లైనులో అందరి తలలూ ఇవే నీళ్లు పోసుకుంటాయి.

వదిన లోపలికి వెళ్లి పెట్టె తెరిచింది. మల్లుగుడ్డలో చుట్టిన సవరం తెచ్చింది. చిన్నప్పటి నుంచి తల దువ్వినప్పుడల్లా రాలిన వెంట్రుకలు వాళ్లమ్మ ఉండలు చుట్టి దాచి, పెళ్లికి కట్టించిన సవరం. పెళ్లినాడు జడకు కలిపారు. ఇక్కడికి వచ్చాక పెట్టెలోంచి ఒక్కసారీ తియ్యలేదు. అంతా వాళ్ల ఊరి బావి నీళ్లతో పెరిగిన జుట్టు.

"వద్దులే వదినా" అన్నాను.

"ఒక సన్నపాయే గదా" అంది. కత్తెర పెట్టేముందు మాత్రం పాయను రెండుసార్లు సన్నగా మార్చింది.

నా తలలో ఇంతవరకూ బ్లీచు తగలని చోటు మెడ మీద, లోపలి వరసలో కొంచెం మిగిలింది. అక్కడి నుంచి ఒక పాయ కత్తిరించాం. రెండు పాయల్నీ రెండు ప్లాస్టిక్ మూతల్లో పెట్టి, ఒకే గిన్నెలో కలిపిన పొడిని ఒకే సమయానికి పూసి, నీడలో ఉంచి గడియారం చూస్తూ కూర్చున్నాం. నా పాయ పది నిమిషాలకే వెచ్చబడింది. సవరం పాయ చల్లగానే ఉంది. అరగంటకు నాది నారింజలో మచ్చలు మచ్చలుగా ఆగింది. సవరం పాయ ఎరుపు దాటి, నారింజ దాటి, ముప్పావు గంటకు చివరి నుంచి చివరి దాకా ఒకేలా పసుపుకు చేరింది.

వదిన ఆ పాయను కడిగి, ఎండకు పెట్టి చూసింది. సంతోషించాల్సిన మనిషి ముఖం ముడుచుకుంది. "అంటే ఈ ఊళ్లో ఎవరికీ పని సెయ్యదన్నమాట" అంది.

ఇనుమును నిమ్మ ఉప్పు, అంటే సిట్రిక్ యాసిడ్, వదిలిస్తుంది. రాగి చెంబుకు చింతపండు రుద్దినట్టే, పులుపు లోహాన్ని పట్టుకుని నీళ్లలోకి లాగుతుంది. కానీ ఆ నీళ్లలోనే ఇనుముంటే లాభం లేదు. వాన నీళ్లు పడదామంటే వానలు ఇంకా నెల దూరం. నేను బజారులో లారీల గ్యారేజీకి వెళ్లి బ్యాటరీ నీళ్ల డబ్బాలు అడిగాను. అవి ఆవిరి పట్టి చల్లార్చిన నీళ్లు, లోహం ఉండదు. డబ్బా మీద వేరే ఏదీ కలపని నీళ్లేనని రాసి ఉందో లేదో రెండుసార్లు చదివాను. యాసిడ్ డబ్బాలు కూడా పక్కనే ఉంటాయి.

మెకానిక్ భయ్యా చేతులు తుడుచుకుంటూ, "ఏ బండికి దీదీ?" అన్నాడు.

"మా వదిన బండికి."

"ఎన్ని వోల్టులు?"

"నువ్వు ఇంటికొస్తే తెలుస్తుంది" అన్నాను. గ్యారేజీలో వాళ్లందరూ నవ్వారు.

ఒక మగ్గు బ్యాటరీ నీళ్లలో చెంచాడు నిమ్మ ఉప్పు కరిగించి, నా మెడ మీది మిగిలిన వరసను షాంపూతో కడిగాక, దాంతో తడిపి పది నిమిషాలు ఉంచి, మళ్లీ బ్యాటరీ నీళ్లతోనే తొలిపాం. మొదటిసారి కింద పెట్టిన తెల్లగిన్నెలోకి దిగిన నీళ్లు పలచటి టీ రంగులో ఉన్నాయి. రోజు విడిచి రోజు నాలుగుసార్లు చేశాం. నాలుగోసారి నీళ్లు తేటగా దిగాయి. ఆ మధ్యలో కుళాయి నీళ్లు తగలకుండా మెడకు ప్లాస్టిక్ కవరు కట్టుకుని స్నానం చేశాను.

తర్వాత అందులోంచి తీసిన పాయకు బ్లీచు పూసి చూశాం. వెచ్చబడలేదు. ఎరుపు, నారింజ, పసుపు నారింజ, మెట్టు మెట్టూ నెమ్మదిగా దిగింది. పసుపు తగలగానే వదిన కడిగేసింది. నీలం, ఊదా ఛాయలున్న లేత గోధుమ రంగు ట్యూబు కొంచెం కలిపి పూస్తే, ఇంకా దాక్కున్న నారింజ కూడా అణిగి, ఎండిన వరిగడ్డి నీడలో ఉన్నట్టుండే రంగు వచ్చింది. తడిపి లాగింది. సాగింది, వదిలితే ముడుచుకుంది.

అప్పటికి నెలాఖరుకు రెండు రోజులు.

"మిగతా తలకి కూడా నిమ్మ ఉప్పు పెట్టి మళ్లీ చేద్దాం" అన్నాను. నా ఆత్రమంతా ఆ మాటలో ఉంది. ఇప్పుడు నాకు నిజంగా తెలుసు, చేసి చూపించాలి.

"ఇంకొక్కసారి పొడి తగిలితే నీ తలమీద ఏటీ మిగల్దు. సచ్చిపోయిన జుట్టుకి సదువు సెప్పకు" అంది వదిన. ఆమె చేసింది ఒక్కటే. నన్ను అద్దం ముందు కూర్చోబెట్టి, రబ్బరైన జుట్టంతా మెడ దాకా కత్తిరించింది. అమ్మ లోపలి నుంచి రాలేదు. పోపు వేసిన చప్పుడు మాత్రం అవసరమైనదానికంటే గట్టిగా వినిపించింది.

మేడమ్ దగ్గరికి ఇద్దరం వెళ్లాం. వదిన అట్టముక్క మీద పాయలు వరసగా అంటించి తీసుకుపోయింది. మేడమ్ అద్దాలు పెట్టుకుని మంచి పాయను చూసింది, తడిపి లాగింది, తల ఊపింది. తర్వాత నావైపు తిరిగి, "మరి ఇది?" అంది నా పొట్టి నారింజ తల చూపించి.

"అదీ నేనే చేశాను" అంది వదిన హిందీలో. దాచడానికి దారి కూడా లేదు.

కుళాయి నీళ్ల సంగతి వదిన చెప్పుకుపోతుంటే మేడమ్ వింది. విన్నట్టే కనిపించింది. చివరికి, "నేను అడిగింది ఒక తల. నువ్వు తెచ్చింది ఒక పాయ. కుర్చీ ఇవ్వలేను. తలలు కడిగే బేసిన్ దగ్గర మనిషి కావాలి, రేపటి నుంచి రా" అంది.

దారంతా వదిన నాకంటే పది అడుగులు ముందే నడిచింది. ఇంటికి వచ్చి సంచి మంచం మీద విసిరింది. "మూడు నెలలు కోర్సు సేసింది తలలు కడగడానికేటి? అమ్మ కట్టించిన సవరం కోసుకున్నది దీనికేటి?" అని ఏడ్చింది. నేను నీళ్ల గ్లాసు తెచ్చి ఆమె పక్కన పెట్టాను. ఓదార్చడం ఏ పుస్తకంలోనూ చదవలేదు. చేతికి మెడ మీది జుట్టు గరగరలాడుతూ తగిలింది. ఆ జుట్టు పోయినందుకు నాకు కోపం రాలేదు. వదినకు మొదటి రోజే మగ్గు చూపించి ఉండాల్సిందని కోపం వచ్చింది. ఆ కోపం ఇప్పటికీ పోలేదు.

మర్నాడు పొద్దున వదిన చీర కట్టుకుని బయల్దేరింది. గుమ్మం దాకా వెళ్లి వెనక్కి వచ్చింది.

"ఆ పార్లరు బేసిన్ సూసావా నిన్న? కుళాయి కింద ఏ రంగుందో?"

నేను చూడలేదు. ఆమె చూసింది.

"నిమ్మ ఉప్పు పొట్లం ఎక్కడెట్టావు పిల్లా?" అంది. తీసి ఇచ్చాను. కొంగున ముడేసుకుని, ఇంకా ముడుచుకున్న ముఖంతోనే వెళ్లిపోయింది.